వాక్యం లోపలి ప్రశ్న

మిత్రులారా, ఇంగ్లీషు రాసేటప్పుడు మనలో చాలామంది చేసే ఒక తప్పు గురించి మాట్లాడతాను. దాని మూలం మన తెలుగులోనే ఉందని నా నమ్మకం.

"తాళం చెవి ఎక్కడ ఉంది?" అనే ప్రశ్నను ఇంకో వాక్యంలో ఇమడ్చడానికి తెలుగులో రెండు దారులున్నాయి. "తాళం చెవి ఎక్కడ ఉంది అని అడిగాడు" అనవచ్చు. "తాళం చెవి ఎక్కడ ఉందో అడిగాడు" అని కూడా అనవచ్చు. మొదటి దానిలో ప్రశ్న చెక్కుచెదరదు, 'అని' దాన్ని ఉన్నదున్నట్టు మోస్తుంది. రెండో దానిలో క్రియ చివర 'ఓ' చేరి, అది ఇక ప్రశ్న కాదని చెబుతుంది. రెండింటిలోనూ పదాల వరుస మాత్రం మారలేదు.

ఇంగ్లీషులో ఈ 'ఓ' లేదు. అక్కడ ఆ పని వరుసే చేస్తుంది. "వేర్ ఈజ్ ద కీ?" అన్నప్పుడు క్రియ కర్తకు ముందుకు దూకింది, ఆ దూకుడే ప్రశ్నకు గుర్తు. వాక్యం లోపలికి వచ్చాక క్రియ తన చోటికి తిరిగి వెళ్లాలి: "హీ ఆస్క్‌డ్ వేర్ ద కీ వాజ్." మనం మనసులో 'అని' పెట్టుకుని "హీ ఆస్క్‌డ్ వేర్ ఈజ్ ద కీ" అని రాసేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను. కొటేషన్ గుర్తుల్లో అతని మాటల్నే ఇస్తే ఆ వరుస సరైనదే, అవి లేకపోతే తప్పు.

'డు', 'డజ్', 'డిడ్' ఉన్న ప్రశ్నల్లో ఇంకొంచెం పని ఉంటుంది. "వేర్ డజ్ షీ లివ్?" తీసుకోండి. 'డజ్' ప్రశ్న కోసమే వచ్చిన సహాయక్రియ. ప్రశ్న లోపలికి వెళ్లగానే అది తప్పుకుంటుంది, అయితే అది మోస్తున్న 'స్' అసలు క్రియకు చేరాలి: "ఐ నో వేర్ షీ లివ్స్." అలాగే "వెన్ డిడ్ హీ లీవ్?" లోపలికి వెళ్తే "వెన్ హీ లెఫ్ట్" అవుతుంది. 'డిడ్' తీసేసి 'లీవ్'ను అలాగే వదిలేస్తే భూతకాలం పోతుంది. విద్యార్థుల రాతల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

ఇప్పుడు చిక్కు చోటు. "డు యూ నో వేర్ షీ లివ్స్?" అనే ఒకే వాక్యంలో రెండు ప్రశ్నలున్నాయి. తారుమారయ్యేది బయటి ప్రశ్న మాత్రమే, 'డు' అక్కడ ఉంది. లోపలిది మామూలు వరుసలోనే ఉంటుంది. చివరి ప్రశ్నార్థకం కూడా బయటి ప్రశ్నదే. అందుకే "ఐ నో వేర్ షీ లివ్స్" చివర చుక్క చాలు.

అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నలకు మనం 'వచ్చాడో లేదో' అంటాం. ఇంగ్లీషులో ఆ చోట 'ఇఫ్' లేదా 'వెదర్' వస్తుంది: "ఐ డోంట్ నో వెదర్ హీ కేమ్."

ప్రశ్న పదమే కర్త అయితే మార్చడానికి ఏమీ ఉండదు. "హూ కేమ్?" లోపలికి వెళ్లినా "ఐ నో హూ కేమ్" గానే ఉంటుంది. ఎవరు వచ్చారన్న ఈ ప్రశ్నలో 'హూ' ముందే తన కర్త స్థానంలో ఉంది కదా.