ఆర్టీఐలో "ఎందుకు" అని రాశారా? మీ అప్లికేషన్ అక్కడే చచ్చిపోయింది!

"అన్నా, మా ఊరి సీసీ రోడ్డు మీద ఆర్టీఐ వేశాను. 'మీరు అడిగింది సమాచారం నిర్వచనం కిందికి రాదు' అని ఒక్క లైన్ రిప్లై వచ్చింది. అప్పీల్‌కి వెళ్ళాలా?"

వద్దు తమ్ముడూ. నువ్వు పంపిన ఫోటో చూశాను, ఆ ప్రశ్నలతో అప్పీల్‌కి వెళ్తే అక్కడా అదే లైన్ వస్తుంది. కొత్త అప్లికేషన్ వెయ్యి. అందులో ఒక్క మాట మాత్రం రాయకు. ఏంటా మాట? "ఎందుకు".

అవును, అదే. సమాచార హక్కు చట్టం కింద వేసే కాగితంలో "ఎందుకు" అని రాసిన ప్రతిసారీ మనమే ఆఫీసర్ చేతికి తాళం ఇస్తున్నాం, ఆయన ఏ సెక్షనూ వెతుక్కోనక్కర్లేదు, ఏ రికార్డూ తియ్యనక్కర్లేదు, ఒక్క లైన్ టైప్ చేసి సంతకం పెట్టేస్తే సరిపోతుంది. చాలామంది ఏమనుకుంటున్నారంటే ఆర్టీఐ అంటే ఆఫీసర్‌ని నిలదీయడం అని. కాదండీ! ఆర్టీఐ అంటే ఆఫీసు బీరువాలో ఉన్న కాగితం కాపీ తెచ్చుకోవడం. చట్టంలో సెక్షన్ 2(ఎఫ్) చూడండి, రికార్డులు, మెమోలు, ఉత్తర్వులు, లాగ్ బుక్కులు, కాంట్రాక్టులు, రిపోర్టులు అని వరసగా ఉంటుంది, అన్నీ ఏదో ఒక రూపంలో ఆల్రెడీ ఉన్నవే. "మీ మనసులో ఏముందో చెప్పండి" అనేది అందులో లేదు. "అభిప్రాయాలు" అనే మాట ఉంది కదా అంటారేమో, 2011లో సీబీఎస్ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీం కోర్టు తేల్చేసింది, ఫైల్లో రాసి ఉన్న అభిప్రాయం అయితేనే ఇస్తారు, నీ కోసం కొత్తగా కూర్చుని అభిప్రాయం రాసివ్వాల్సిన పని లేదు, లేని సమాచారాన్ని పోగు చేసి ఇవ్వాల్సిన పనీ లేదు అని.

అంతకు ముందు ఏడాదే, 2010లో, మన తెలుగు నేల మీద నుంచే ఖానాపురం గండయ్య కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఆయన అడిగింది ఏంటంటే, జడ్జి గారు ఫలానా తీర్పు ఆ కారణంతో ఎందుకు ఇచ్చారు, నా వాదన ఎందుకు పట్టించుకోలేదు అని. ఓడిపోయాడు. నాకైతే ఆయన మీద జాలేస్తుంది, ఎందుకంటే ఆయన బాధ నిజమైనదే, కానీ అడిగిన చోటు వేరు, అడిగిన తీరు వేరు.

ఇక్కడ నా థియరీ ఒకటి చెప్తాను, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కామెంట్ పెట్టండి. మనం తరతరాలుగా అర్జీలు రాసిన వాళ్ళం. తాత తహసీల్దారుకి అర్జీ రాశాడు, నాన్న ప్రజావాణిలో అర్జీ ఇచ్చాడు, మనం ఆర్టీఐ ఫారం ముందు పెట్టుకున్నా చెయ్యి అర్జీయే రాస్తుంది. "అయ్యా, మా ఊరి రోడ్డు ఆరు నెలలకే పగిలిపోయింది, ఇందుకు బాధ్యులెవరు, తగిన చర్య తీసుకోగలరు." ఇది అర్జీ! అర్జీకి న్యాయం కావాలి. ఆర్టీఐకి కాగితం పేరు కావాలి. ఈ రెండూ ఒకే కాగితం మీద కలిపేస్తున్నాం, దెబ్బ అక్కడే పడుతోంది.

సరే, తమ్ముడి అప్లికేషన్ తీద్దాం. మొదటి ప్రశ్న, "రోడ్డు ఆరు నెలల్లో ఎందుకు పగిలింది?" దీనికి జవాబు ఏ ఫైల్లోనూ ఉండదు. కానీ రోడ్డు ఎంత మందం వెయ్యాలో ఒక కాగితంలో ఉంటుంది, ఎంత మందం వేశామని చెప్పి బిల్లు తీసుకున్నారో ఇంకో కాగితంలో ఉంటుంది. మొదటిది ఎస్టిమేట్, రెండోది ఎం బుక్, అంటే మెజర్‌మెంట్ బుక్. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్ గారు కొలతలు రాసే పుస్తకం అదే, దాన్ని బట్టే బిల్లు పాస్ అవుతుంది. సో మనం ఇలా రాస్తాం:

"2023-24 ఆర్థిక సంవత్సరంలో మా గ్రామంలో రామాలయం నుంచి వాటర్ ట్యాంక్ వరకు వేసిన సీసీ రోడ్డు పనికి సంబంధించి, మంజూరైన ఎస్టిమేట్ మరియు ఆ పని కొలతలు నమోదు చేసిన ఎం బుక్ పేజీల సర్టిఫైడ్ కాపీలు ఇవ్వగలరు."

చూశారా, ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎక్కడ నుంచి ఎక్కడ దాకా, ఏ కాగితం. మన దగ్గర పనుల పేర్లు చాలా వరకు ఇలాగే ఉంటాయి, "ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు" అని. పని పేరు అచ్చం అలాగే తెలియకపోతే ఒక పని చెయ్యండి, ముందు చిన్న అప్లికేషన్ వేసి ఆ ఏడాది మీ ఊళ్ళో మంజూరైన పనుల లిస్ట్ అడగండి, అందులో ఉన్న పేరుని కామా కూడా మార్చకుండా రెండో దాంట్లో దించండి. అప్పుడు "ఏ పని గురించి అడుగుతున్నారో స్పష్టంగా లేదు" అనే దారి మూసుకుపోతుంది.

రెండో ప్రశ్న, "కాంట్రాక్టర్ మీద ఎందుకు చర్య తీసుకోలేదు?" తమ్ముడు అంతకు ముందే డీఈ, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ ఆఫీసులో కంప్లైంట్ ఇచ్చాడు, రసీదు కూడా ఉంది. అలాంటప్పుడు ఈ ప్రశ్న అసలు అక్కర్లేదు. "ఫలానా తేదీన నేను ఇచ్చిన ఫిర్యాదు మీద ఈ అప్లికేషన్ అందిన తేదీ వరకు జరిగిన నోట్ ఫైల్ కాపీ, ఆ ఫిర్యాదు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ హోదా అధికారి దగ్గర ఉందో చూపించే రికార్డు కాపీ." అంతే! నోట్ ఫైల్ అంటే ఆ ఫిర్యాదు మీద అధికారులు ఒకరి తర్వాత ఒకరు రాసే నోట్లు. ఎవరి టేబుల్ మీద నాలుగు నెలలు నిద్రపోయిందో ఆ కాగితమే చెప్తుంది. ఎవరూ కదపకపోతే నోట్ ఫైల్ ఖాళీగా వస్తుంది, ఆ ఖాళీ కూడా మనకి సాక్ష్యమే.

మూడోది "బాధ్యులు ఎవరు?" బాధ్యత తేల్చడం విచారణ పని, సమాచార అధికారి పని కాదు. కానీ సంతకాలు ఎవరివో ఆయన చెప్పగలడు. కొలతలు రాసిన అధికారి పేరు, హోదా, వాటిని చెక్ మెజర్‌మెంట్, అంటే మళ్ళీ కొలిచి సరిచూడటం, చేసిన అధికారి పేరు, హోదా, రెండింటి తేదీలు. ఒకే రోజున కొలత, చెక్, బిల్లు మూడూ ఉన్నాయనుకోండి, ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

నాలుగోది నాకు బాగా కోపం తెప్పించేది, "క్వాలిటీ చెక్ చేశారా లేదా?" దీనికి "చేశాము" అని ఒక్క మాట రాస్తే నీ నోరు మూతపడింది! అవును-కాదు ప్రశ్నలు అడగకండి, దయచేసి. కాంక్రీట్ పోసేటప్పుడు అక్కడి మాలే తీసుకుని క్యూబులు పోస్తారు, 28 రోజుల తర్వాత వాటిని మిషన్లో పెట్టి పగలగొట్టి బలం చూస్తారు, ఆ రిపోర్ట్ ఉంటుంది. "ఈ పనికి సంబంధించిన క్యూబ్ టెస్ట్ రిపోర్టుల సర్టిఫైడ్ కాపీ ఇవ్వగలరు. ఆ రిపోర్ట్ మీ కార్యాలయంలో లేనట్లయితే లేదని రాతపూర్వకంగా తెలియజేయగలరు." ఆ రెండో వాక్యం గుర్తుపెట్టుకోండి. రిపోర్ట్ వస్తే మంచిది, "లేదు" అని సంతకం పెట్టి ఇస్తే ఇంకా మంచిది.

ఇదంతా పుస్తకంలో చదివి చెప్పట్లేదు. మా వీధి రోడ్డుకి నేనూ మొదట "ఎందుకు" అనే రాసి ఒక్క లైన్ రిప్లై తిన్నవాణ్ణే. రెండోసారి కాగితాల పేర్లు రాసి వేస్తే కాపీలు వచ్చాయి. ఎం బుక్‌లో పొడవు 200 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 0.15, అంటే 90 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్. వానకి పక్క మట్టి కొట్టుకుపోయిన చోట అంచు బయటపడితే నేనూ మా బాబాయ్ టేప్ పెట్టి కొలిచాం, అటూ ఇటూ పది సెంటీమీటర్లు ఉంది. రోడ్డంతా అలాగే ఉంటే 60 క్యూబిక్ మీటర్లే పోసినట్టు, మూడో వంతు మాయం! అలాగని అంచు కొలతతో దొంగతనం రుజువైపోయిందని నేను అనను, మధ్యలో మందం వేరుగా ఉండొచ్చు, కింద వేసిన బేస్ పొర ఎస్టిమేట్‌లో వేరే లైన్‌గా ఉంటుంది, దాన్ని కలపకూడదు. రోడ్డుకి కోర్, అంటే మిషన్‌తో తొలిచి తీసే గుండ్రటి ముక్క, తీసి చూస్తేనే తేలుతుంది. కానీ విజిలెన్స్‌కి కంప్లైంట్ రాసేటప్పుడు "రోడ్డు బాలేదు సార్" అనడం వేరు, ఎం బుక్ పేజీ నంబర్ వేసి "ఇక్కడ 0.15 రాశారు, కోర్ తీయించండి" అనడం వేరు.

ఇంకో పొరపాటు, "అన్నీ ఇవ్వండి" అనడం. 2014 నుంచి మండలంలో వేసిన అన్ని రోడ్ల పూర్తి వివరాలు అంటే ఆయన వెంటనే సెక్షన్ 7(9) తీస్తాడు, ఆఫీసు సిబ్బంది అంతా దీని మీదే కూర్చోవాలి అని. నిజానికి ఆ సెక్షన్ చెప్పేది మీరు అడిగిన రూపంలో కాకుండా వేరే రూపంలో ఇవ్వొచ్చు అని మాత్రమే, ఇవ్వనక్కర్లేదని కాదు, కానీ చాలా చోట్ల తిరస్కరించడానికే వాడుతున్నారు, ఇది ఘోరం. అలా పెద్దమొత్తంలో కావాల్సి వస్తే కాపీలు కాదు, తనిఖీ అడగండి, 2(జె) కింద రికార్డు దగ్గర కూర్చుని చూసే హక్కు ఉంది, మొదటి గంటకి ఫీజు లేదు. చూసి, కావాల్సిన పేజీలకి మాత్రం కాపీలు తీసుకోండి, పేజీకి 2 రూపాయలు.

మరి "ఎందుకు" అనేది నిజంగా కావాల్సినప్పుడు? మా అత్త పెన్షన్ ఆపేశారు, కారణం తెలియాలి కదా అని ఒక చెల్లెమ్మ అడిగింది. దానికీ దారి ఉందమ్మా. "ఎందుకు ఆపారు" అనకుండా "ఫలానా నంబర్ పెన్షన్ నిలిపివేసిన ఉత్తర్వు కాపీ, కారణం నమోదు చేసిన నోట్ కాపీ" అను. సెక్షన్ 4(1)(డి) ప్రకారం నిర్ణయం వల్ల నష్టపోయిన వాళ్ళకి కారణాలు చెప్పాల్సిన బాధ్యత ఆఫీసుకే ఉంది, ఆ సెక్షన్ కూడా ఒక లైన్లో రాయి.

తమ్ముడూ, ఇక నీ సంగతి. ఎం బుక్ సాధారణంగా పంచాయతీ సెక్రటరీ దగ్గర ఉండదు, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ ఆఫీసులో ఉంటుంది, నువ్వు సెక్రటరీకి వేశావు. తప్పు ఆఫీసుకి వేసినా 6(3) కింద 5 రోజుల్లో వాళ్ళే బదిలీ చెయ్యాలి, కానీ ఆ గొడవ ఎందుకు, నేరుగా డీఈ ఆఫీసు సమాచార అధికారికే వెయ్యి, ఫీజు 10 రూపాయలు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకో. 30 రోజులు ఆ ముద్ర నుంచే లెక్క. జవాబు రాకపోయినా, సగమే వచ్చినా అప్పుడు వెళ్ళు ఫస్ట్ అప్పీల్‌కి, ఇంకో 30 రోజుల లోపు. అప్పీల్లో రాసేది కూడా ఒక్కటే, "నాలుగు రికార్డులు అడిగాను, ఫలానా రెండు ఇవ్వలేదు" అని. రిప్లై రాగానే ఎం బుక్ పేజీ ఫోటో నాకు పంపు, దాని మీద ఇంకో వీడియో చేద్దాం.