ఫిర్యాదు అందిన రోజే ఏం రాయాలి, ఏ తేదీ ఇవ్వాలి
(చిన్న తరహా పచ్చళ్ల తయారీదారుల సమావేశంలో ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పచ్చడి పెట్టడం మీకు నేను నేర్పనక్కర్లేదు. అమ్మిన తర్వాత వచ్చే ఫిర్యాదు గురించి, అందులోనూ మొదటి రోజు రాసే జవాబు గురించి మాట్లాడతాను. ఒకే కేసు తీసుకుని చివరిదాకా వెళదాం.

జూన్ 7, ఆదివారం రాత్రి 9 గంటలకు హైదరాబాద్ నుంచి ఒకావిడ మీ వాట్సాప్‌కి ఫోటో పంపారనుకోండి. అరకిలో ఆవకాయ సీసా. పైన తెల్లటి తెట్టు. కింద ఒక్క మాట: "ఇది తినేదెలా?"

మనవాళ్లు చాలామంది వెంటనే పెట్టే జవాబు నాకు తెలుసు. "మా దగ్గర అలా జరగదండీ, తడి చెంచా పెట్టి ఉంటారు." తడి చెంచా నిజంగానే కారణం కావచ్చు. కానీ ఆదివారం రాత్రి ఆ సంగతి మీకు తెలియదు. ఇంకొందరు "సారీ మేడం, త్వరలో చూస్తాం" అని ఊరుకుంటారు. త్వరలో అంటే ఆవిడ లెక్కలో రేపు, మీ లెక్కలో సీజన్ అయ్యాక.

ముందు గడియారం ఎప్పుడు మొదలవుతుందో తేల్చుకోండి. మెసేజ్ మీరు చదివినప్పుడు కాదు, మీ వైపు ఏ ఫోన్‌కి చేరినా చేరినప్పుడే. ప్యాకింగ్ కుర్రాడి నంబరుకి వచ్చి రెండు రోజులు అక్కడే పడి ఉంటే ఆ రెండు రోజులూ మీవే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. చట్టం రెండు రోజులిచ్చింది కదా, ఒక్క రోజు పట్టుదల ఎందుకంటారా? రెండో రోజుకల్లా ఆవిడ సీసా చెత్తబుట్టలో పడేస్తారు. లేబుల్ కూడా దాంతోపాటే పోతుంది. అప్పుడిక మీరు వెతకడానికి ఏమీ మిగలదు.

సోమవారం పొద్దున వెళ్లాల్సిన జవాబు ఇలా ఉంటే చాలు:

"నమస్తే అండి. నిన్న రాత్రి 9 గంటలకు మీరు పంపిన ఫోటో అందింది. దయచేసి ఆ పచ్చడి ఎవరూ తినకండి, పారేయకండి. మూత పెట్టి పక్కన ఉంచండి. లేబుల్ మీదున్న బ్యాచ్ నంబరు, సీసా ఎప్పుడు తెరిచారో పంపండి. రేపు కొరియర్ అబ్బాయి వచ్చి తీసుకెళతాడు, ఖర్చు మాదే. ఆ బ్యాచ్ రికార్డు, మా దగ్గర దాచిన సీసా చూసి జూన్ 16న మీకు రాస్తాం. ల్యాబ్ రిపోర్టుతో పూర్తి జవాబు జూన్ 26న ఇస్తాం. ఈ పని చూసేది నేనే, నా నంబరు ఇది."

ఇందులో తప్పు ఒప్పుకోలేదు, తప్పు ఆవిడ మీద తోయనూ లేదు. మొదటి రోజు తెలిసింది మాత్రమే ఉంది. ఇంకో సీసా పంపాలనుకుంటే పంపండి, నేనైతే పంపమనే అంటాను. కానీ విచారణ ఫలితంతో దానికి సంబంధం లేదని ఒక వాక్యం రాయండి. లేకపోతే "సీసా ఇచ్చాం, అయిపోయింది" అని మీవాళ్లే ఫైలు మూసేస్తారు.

ఇక 26 అనే తేదీ ఎలా వచ్చిందో చూడండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. తేదీ ఇచ్చేటప్పుడు మన ఉత్సాహాన్ని బట్టి కాదు, అన్నిటికంటే నెమ్మదిగా నడిచే పనిని బట్టి లెక్క వేయాలి. మంగళవారం 9న బయల్దేరిన సీసా శుక్రవారానికి మీకు చేరుతుంది. శనివారం 13న ల్యాబ్‌కి ఇస్తారు, వాళ్లు సోమవారం 15న పరీక్ష పెడతారు. ఈస్టులు, బూజుల లెక్కకి నమూనాని 25 డిగ్రీల దగ్గర మామూలుగా ఐదు రోజులు ఉంచాలి. డబ్బులు ఎక్కువిచ్చినా బూజు తొందరగా పెరగదు కదా! అంటే 20 దాకా ఆగాలి, రిపోర్టు చేతికొచ్చేసరికి 22. దాన్ని చదివి, రికార్డుతో పోల్చి, జవాబు రాయడానికి రెండు రోజులు. కొరియర్ ఆలస్యానికి ఇంకో రెండు. అలా 26. చట్టం ఇచ్చిన నెలలోపే ఉంది. వారంలో చెప్తామంటే వినడానికి బాగుంటుంది, కానీ ల్యాబుకి పంపితే అది జరిగే పని కాదు.

మరి 16వ తేదీ ఎందుకు? మధ్యలో పద్దెనిమిది రోజుల మౌనం ఉంటే ఆవిడకి టెన్షన్, మీకు రోజూ ఫోన్లు. పైగా ఆలోపు మీరు చేయగలిగిన పని చాలా ఉంది. అసలది బూజేనా? ఉప్పు పేరుకున్నా తెల్లగానే ఉంటుంది, కానీ నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. వేరుశనగ నూనె ఫ్రిజ్‌లో గడ్డకట్టినా తెల్లబడుతుంది, బయట పెడితే మామూలవుతుంది. బూజు నూగులా కనిపిస్తుంది, కరగదు. తర్వాత రిజిస్టరు తీయండి. కాయలు కడిగాక తడి ఆరబెట్టారా, ఉప్పు ఎంత పడింది, ఆ సీసా ఏ పూట నింపారు? దాచిన సీసాలో నూనె మట్టం కొలవండి. నూనె పచ్చడికి ఆహార ప్రమాణాల్లో చెప్పిన కొలత ముక్కల మీద కనీసం అర సెంటీమీటరు పొర, లేదా మొత్తంలో పది శాతం నూనె.

ఇక్కడో చిక్కుంది, అది కూడా 16వ తేదీ ఉత్తరంలోనే చెప్పేయండి. తెరిచిన సీసాని పరీక్షిస్తే బూజు ఎంతుందో తెలుస్తుంది, అది మూత తీయకముందే వచ్చిందో తీశాక వచ్చిందో ల్యాబ్ చెప్పలేదు. ఆ సంగతి తేల్చేది అదే బ్యాచ్‌లో ఇంకా తెరవని సీసాలు. ఈ ముక్క ముందే చెబితే, రిపోర్టు వచ్చాక "తప్పించుకుంటున్నారు" అనే మాట రాదు.

మన కేసులో దాచిన సీసా శుభ్రంగా ఉందనుకుందాం. చాలామంది అక్కడితో ఆగిపోయి "మా తప్పేం లేదు" అని రాసేస్తారు. కానీ దాచిన సీసా నింపింది పొద్దున, డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు. ఆవిడ సీసా సాయంత్రం, డ్రమ్ము అడుగుకి వచ్చాక నింపింది. పైకి తేలిన నూనె అప్పటికే ముందు సీసాల్లోకి వెళ్లిపోయింది. షాపులో మిగిలిన సాయంత్రపు సీసాలు తెప్పించి చూస్తే ముక్కలు నూనె పైకి తేలి ఉన్నాయి. గాలి తగిలిన ముక్కకి బూజు పట్టడంలో వింతేముంది? అందుకే ఇకనుంచి మొదటి సీసాతో పాటు ఆఖరి సీసా కూడా దాచండి. 26వ తేదీ జవాబులో ఇదంతా ఉండాలి: ఏం చూశాం, ఏం తేలింది, మిగిలిన సీసాలు ఏం చేశాం, మీ డబ్బు ఎప్పుడు వస్తుంది.

ల్యాబ్ రిపోర్టు 26కి రాకపోతే? 25నే రాయండి, కారణం చెప్పి కొత్త తేదీ ఇవ్వండి. 27న రాసిన అదే ఉత్తరాన్ని ఆవిడ సాకు అనుకుంటారు.

ఈ పద్ధతి పనికిరాని ఫిర్యాదులూ ఉన్నాయి. గాజు పెంకు వచ్చిందన్నా, తిన్నవాళ్లకి వాంతులయ్యాయన్నా, మూత ఉబ్బి తీయగానే గ్యాస్ చిమ్మిందన్నా ఒక రోజు ఆగే పని లేదు. రాత్రయినా అప్పుడే ఫోన్ చేయండి, ఒంట్లో బాగాలేని వాళ్లని డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. ఆ బ్యాచ్ అమ్మకం ఆ పూటే ఆపించండి. ఉత్తరం తర్వాత రాసుకోవచ్చు.