ఆ కాగితంలో ‘నేను’ ఎవరు?

అందరికీ నమస్కారం.

కంపెనీల్లో, ఆఫీసుల్లో పెద్దవాళ్ల కోసం ప్రసంగాలు రాసే పనిలోకి మీలో చాలామంది ఇప్పుడిప్పుడే వస్తున్నారు. ఆ పనిలో అందరూ తేలిక అనుకునేది ముఖ్య అతిథిని పరిచయం చేసే రెండు నిమిషాల పాఠం. బయోడేటా తెప్పించుకుని నాలుగు విశేషణాలు చేరిస్తే సరిపోతుందనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే రాశాను. ఈ రోజు ఆ ఒక్క పాఠం గురించే మాట్లాడతాను.

ముందు నా తప్పు చెప్పాలి. ఒకసారి మా పై అధికారి ఒక రచయితను పరిచయం చేయాల్సి వచ్చింది. ‘మీ పుస్తకం నాకెంతో ఇష్టం’ అని రాసిచ్చాను. ఆయన అలాగే చదివారు, సభలో అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత టీ తాగుతున్నప్పుడు రచయిత సంతోషంగా ఆయన దగ్గరికి వచ్చి, ‘అందులో మీకు ఏ భాగం నచ్చిందండీ?’ అని అడిగారు. మా అధికారి ఆ పుస్తకం తెరిచి చూడలేదు. అప్పుడాయన ముఖం ఎలా మారిందో నాకింకా గుర్తుంది. అబద్ధం రాసింది నేను, తల దించుకున్నది ఆయన. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ‘నేను’, ‘నాకు’, ‘నా’ అని ఉన్న ప్రతి వాక్యం కిందా పెన్సిలుతో గీత గీస్తాను. ఆయన తన నోటితో నాకు చెప్పని విషయం ఆ గీత మీద ఉంటే కొట్టేస్తాను.

అలా కొట్టేస్తూ పోతే ఒక్కోసారి కాగితం ఖాళీ అవుతుంది. అందుకే రాసే ముందు ఆయనతో పది నిమిషాలు కూర్చోవాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం జరుగుతుంది కదా, అక్కడి నుంచి వారం రోజులు ఫ్యాక్టరీల్లో కార్యక్రమాలుంటాయి. అలాంటి ఒక సభకు రిటైరైన బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ముఖ్య అతిథి. పరిచయం చేయాల్సింది మా డైరెక్టర్ గారు. నా మొదటి పాఠం ఇలా మొదలైంది: ‘పరిచయం అక్కర్లేని వ్యక్తి, నిరాడంబరుడు, విధ్యుక్త ధర్మాన్ని తు.చ. తప్పక పాటించిన మహనీయుడు...’ ఇందులో పేరు మార్చి ఎవరికైనా చదవొచ్చు. ఆ అతిథి గురించి ఒక్క ముక్క కూడా లేదు.

డైరెక్టర్ గారిని ‘ఆయన మీకు ఎలా తెలుసు సార్?’ అని మాత్రం అడిగాను. ‘ఆయన గురించి చెప్పండి’ అని అడిగితే వాళ్లూ విశేషణాలే చెప్తారు. ‘ఎలా తెలుసు’ అంటే జరిగిన సంగతి చెప్తారు. ఆయన నవ్వి, ‘నేను షిఫ్ట్ ఇంజనీరుగా ఉన్నప్పుడు మా బాయిలర్ ఆపించాడయ్యా. సేఫ్టీ వాల్వ్ సరైన ప్రెషర్ దగ్గర తెరుచుకోవట్లేదని సంతకం పెట్టలేదు. మూడు రోజులు ప్రొడక్షన్ లేదు. అప్పుడు ఎంత కోపం వచ్చిందో!’ అన్నారు. నాకు కావలసిన పరిచయం ఆ మాటల్లోనే ఉంది.

కానీ వెంటనే రాసేయకూడదు. పాత లాగ్‌బుక్ తీయించి చూస్తే ఆగింది మూడు రోజులు కాదు, రెండు రోజులు. అతిథికి కూడా ఫోన్ చేసి, ఈ సంగతి సభలో చెప్పడం ఆయనకు సమ్మతమేనా అని అడిగాను. మనకు ముచ్చటగా అనిపించింది ఎదుటివారికి ఇబ్బంది కావచ్చు. ఆయన సరే అన్నారు. అప్పుడు ఈ పాఠం తయారైంది. గీతలున్న చోట ఊపిరి తీసుకోవాలి:

‘ఇరవై ఏళ్ల కిందట / నేనిక్కడ షిఫ్ట్ ఇంజనీర్ని. / ఒక రోజు తనిఖీకి ఒక ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. / సేఫ్టీ వాల్వ్ చూశారు. / సంతకం పెట్టను అన్నారు. // బాయిలర్ రెండు రోజులు ఆగింది. / నాకు చాలా కోపం వచ్చింది. // ఆ వాల్వ్ సరైన ప్రెషర్ దగ్గర తెరుచుకోవట్లేదు. / ఆ రోజు బాయిలర్ దగ్గర డ్యూటీలో / పదకొండు మంది ఉన్నారు. / నేనూ ఉన్నాను. // ఆ ఇన్‌స్పెక్టర్ గారే / ఇవాళ మన ముఖ్య అతిథి...’

పేరు చివర్లో వస్తుంది. పేరు వినగానే జనం చప్పట్లు కొడతారు, ఆ తర్వాత ఏం చదివినా ఎవరికీ వినపడదు. పదకొండు మంది అన్న లెక్క కూడా ఆ లాగ్‌బుక్‌లోదే. అంకె వేస్తే చదివేవారు ఒక క్షణం ఆగుతారు కాబట్టి అక్షరాల్లో రాశాను.

వాక్యాలు ఎందుకింత పొట్టిగా ఉన్నాయంటే, తెలుగులో క్రియ చివర వస్తుంది. ‘వచ్చి, చూసి, పరిశీలించి, నిరాకరించి...’ అని గొలుసు కడితే, ఎవరేం చేశారో తేలేసరికి చదివేవారికి ఊపిరి అయిపోతుంది. కళ్లతో చదువుకునే వ్యాసంలో ఆ గొలుసు అందంగానే ఉంటుంది, మైకు ముందు మాత్రం గొంతు కిందికి జారిపోతుంది. ‘మరియు’, ‘యొక్క’ కూడా అంతే. మాట్లాడేటప్పుడు ఎవరూ అనరు. అవి వినపడగానే ఇది ఎవరో రాసిచ్చారని సభకు తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ‘మన’, ‘మా’ దగ్గర. పెద్ద అధికారి కార్మికుల ముందు నిలబడి ‘మా ఫ్యాక్టరీ’ అంటే, ‘యాజమాన్యానిది, మీది కాదు’ అన్నట్టు వినపడొచ్చు. అతిథి వైపు తిరిగి ‘మా ఫ్యాక్టరీకి వచ్చినందుకు’ అంటే అది మర్యాద. అందుకే ఒక్కో వాక్యం ఎవరి వైపు చూసి చెప్పాలో మార్జిన్‌లో రాస్తాను: ‘సభకు’, ‘అతిథికి’. చూపు తప్పితే ‘మా’ తప్పుగా పడుతుంది.

ఇక కాగితం సంగతి. అక్షరాలు పెద్దవిగా, 20 పాయింట్లకు తగ్గకుండా ఉండాలి. పేజీలో పై మూడింట రెండు వంతుల్లోనే రాసి కింద వదిలేయాలి, లేదంటే తల వంగిపోయి ముఖం కనపడదు. ఏ వాక్యమూ పేజీ దాటకూడదు. కొందరు తెలుగు చక్కగా మాట్లాడతారు కానీ చదవడం నెమ్మది, ఇంగ్లీషు అక్షరాల్లో ఇమ్మంటారు. అలా ఇస్తే త, ట తేడా ఉండదు, ద, డ తేడా ఉండదు. కనీసం మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగు లిపిలో పెద్దగా పక్కన రాయండి, ముందు రోజు ఒకసారి పలికించండి.

ఆ పలికించడం తప్పించుకోవద్దు. డైరెక్టర్ గారు చదువుతుంటే నేను కాగితం చూడను, ఆయన్ని వింటాను. మొదటి పాఠంలో ‘విధ్యుక్త’ దగ్గర రెండుసార్లు ఆగారు. తప్పు ఆయన నాలుకది కాదు, అది ఆయన వాడే మాట కాదు. నిమిషానికి ఆయన 80, 90 మాటలు చదువుతారు. నాకు ఇంగ్లీషులో రాసిన అలవాటుతో రెండు నిమిషాలకని 250 మాటలు రాస్తే, అది మూడు నిమిషాలకు సాగింది. తెలుగు మాట పొడవు, తక్కువ మాటలే పడతాయి.

ఇంకొకటి. యాంకర్‌కి మన పాఠం కాపీ ఇవ్వండి. లేకపోతే వారు ముందే పేరు, పదవి, ఊరు అన్నీ చదివేస్తారు, చివర్లో దాచిన పేరు పాతబడిపోతుంది.

సభ రోజు ఆయన ‘నాకు చాలా కోపం వచ్చింది’ దాకా చదివి, కాగితం దించి, అతిథి వైపు తిరిగి ‘మిమ్మల్ని టీ తాగమని కూడా అడగలేదు, సార్’ అన్నారు. తర్వాత మళ్లీ కాగితం ఎత్తి మిగతాది చదివారు. ఆ వాక్యం నేను రాయలేదు, ఆయన నాకు చెప్పనూ లేదు. సాయంత్రం రికార్డింగ్ విని దాన్ని ఉన్నదున్నట్టు ఫైల్లో చేర్చాను. కంపెనీ పత్రికకు ఆయన పలికిన పాఠమే వెళ్లింది.