పాత కారు, కొత్త డ్యాష్‌క్యామ్, వాటి మధ్య 35 ఏహెచ్ బ్యాటరీ

అందరికీ నమస్కారం. కారు అద్దానికి బిగించే డ్యాష్‌క్యామ్ కెమెరా కొనడానికి వచ్చేవాళ్లు మా షాపులో అడిగే మొదటి ప్రశ్న, "ఇందులో నంబర్ ప్లేటు స్పష్టంగా కనిపిస్తుందా?" అని. మంచి ప్రశ్నే. కానీ కారు పదేళ్లు దాటినదైతే నేను ముందు బానెట్ ఎత్తమంటాను. కెమెరా తాగే కరెంటు ఆ బ్యాటరీ నుంచే కదా రావాలి! ఈ రెండింటినీ వేరువేరుగా కొంటే ఎక్కడ దెబ్బ తగులుతుందో ఒక్క కారును పట్టుకుని చెబుతాను.

2013 మోడల్ పెట్రోల్ వ్యాగన్ఆర్. ఓనరు ఒక స్కూలు మాస్టారు. బడి, ఇల్లు, రైతుబజారు, అంతే తిరుగుడు. వీధిలోనే పార్కింగ్. రాత్రిపూట ఎవరో అద్దం విరగ్గొట్టారని, కారు ఆపి ఉంచినప్పుడూ రికార్డు చేసే పార్కింగ్ మోడ్ ఉన్న కెమెరా బిగించుకున్నారు. దసరాకు కారు ఇంటి ముందు వదిలి ఊరెళ్లారు. నాలుగో రోజు వచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ తప్ప సెల్ఫ్ లేదు. బ్యాటరీ కొని ఏడాదిన్నరే అయింది, గ్యారంటీలో మార్చిపెట్టమని అడిగారు.

ఇక్కడ లెక్క చూడండి. బ్యాటరీ మీద 35 ఏహెచ్, అంటే 35 ఆంపియర్ అవర్లు అని ఉంటుంది. అంటే కొత్తగా, నిండుగా ఉన్నప్పుడు 1.75 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని. నిరంతరం రికార్డు చేసే చిన్న కెమెరా మూడు, నాలుగు వాట్లు తీసుకుంటుంది. 12 వోల్టుల దగ్గర అది సుమారు 0.3 ఆంపియర్. రాత్రి పన్నెండు గంటలకు మూడున్నర ఏహెచ్, అదేమీ పెద్ద సంగతి కాదు. మూడు రోజులు, అంటే 72 గంటలకు 21 ఏహెచ్ దాటుతుంది. దీనికి తోడు లాక్ చేసిన కారు కూడా గడియారానికీ, సెంట్రల్ లాక్‌కీ కాస్త తాగుతూనే ఉంటుంది. ఏడాదిన్నర వాడిన బ్యాటరీలో, రోజూ పావుగంట తిరిగే కారులో, 35 నిండుగా ఎక్కడుంటాయి? ఇరవై అయిదు ఉంటే గొప్ప. కాబట్టి మూడో రోజుకే సెల్ఫ్ కొట్టే శక్తి పోయింది.

కంపెనీ సర్వీసు సెంటరు వాళ్లు బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టి, తర్వాత లోడ్ టెస్టు చేసి, "సెల్స్ బాగున్నాయి, ఇది డిశ్చార్జ్ కేసు" అని తిరిగి ఇచ్చేశారు. మాస్టారికి కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే వాళ్లు చేసింది వారంటీ ప్రకారం సరైనదే. వారంటీ తయారీ లోపానికి. మనం ఖాళీ చేసుకున్న బ్యాటరీకి కాదు. పైగా స్టార్టింగ్ బ్యాటరీని అలా అడుగంటా ఖాళీ చేసి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. రెండు మూడుసార్లు అలా జరిగితే ఎంత చార్జ్ పెట్టినా పూర్వపు బలం రాదు.

వారంటీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. పెట్టె మీద 60 నెలలు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కార్డు లోపల 30+30 అని ఉంటుంది. మొదటి 30 నెలల్లో లోపం వస్తే ఉచితంగా మారుస్తారు. తర్వాతి 30లో ప్రోరేటా, అంటే కొత్త బ్యాటరీ ఎమ్మార్పీ మీద కొంత శాతం తగ్గింపు. నెలలు గడిచేకొద్దీ ఆ శాతం పడిపోతుంది. షాపులో మామూలుగానే ఎమ్మార్పీ కన్నా తక్కువకు ఇస్తారు కదా, అందుకే నలభయ్యో నెలలో ఆ తగ్గింపుతో మిగిలేది చాలా కొంచెం. రెండు బ్యాటరీలు పోల్చేటప్పుడు ప్లస్‌కు ముందున్న అంకెనే చూడండి. కార్డు మీద తేదీ, షాపు ముద్ర, సీరియల్ నంబరు అక్కడికక్కడే వేయించుకోండి. డబ్బు ఇచ్చే ముందు మల్టీమీటర్ పెట్టించండి: 12.5 వోల్టులకన్నా తక్కువ చూపిస్తే ఆ సరుకు షాపులో చాలాకాలం ఉందన్నమాట, వేరేది అడగండి.

"అయితే 44 ఏహెచ్ వేసేద్దాం" అని మాస్టారు అన్నారు. ఆల్టర్నేటర్ పాడవుతుందని కొందరు భయపెడతారు, అది నిజం కాదు. అసలు ఇబ్బంది కూర్చోవడం దగ్గర. ఆయన బ్యాటరీ మీద 38B20L అని ఉంది. ఇందులో B అనేది వెడల్పు, ఎత్తుల వర్గం, 20 అంటే సుమారు 20 సెంటీమీటర్ల పొడవు. L అంటే, టెర్మినల్స్ మన వైపు ఉండేలా పెడితే ప్లస్ కుడివైపు వస్తుంది. R తెస్తే ప్లస్ ఎడమకు పోతుంది, కారు కేబుల్ అందదు, లాగి బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. ఇక 44 ఏహెచ్‌లో ఎక్కువగా దొరికే డిన్ సైజు బ్యాటరీ వెడల్పు 175 మిల్లీమీటర్లు. మన B20 వెడల్పు 129. ఆ ట్రేలో అది సరిగా కూర్చోదు. డిన్ బ్యాటరీని అడుగున ఉన్న అంచు పట్టి బిగిస్తారు, మన కారులో పైన అడ్డంగా వేసే పట్టీ ఉంటుంది. పట్టీ లేకుండా వదిలితే గుంతల రోడ్డు మీద బ్యాటరీ ఊగి పలకలు రాలతాయి. ప్లస్ టెర్మినల్ బానెట్‌కు తగిలితే నిప్పే. టెర్మినల్ లావు కూడా చూడాలి: ఈ సైజులో సన్నవి వస్తాయి, డిన్‌లో లావువి. పాత క్లాంపును సాగదీసి ఎక్కించే మెకానిక్ దగ్గర ఆపేయండి.

సరే, పెద్ద బ్యాటరీ వేసినా ఏం ఒరుగుతుంది? రోజూ పావుగంట తిరుగుడుతో నిండేది అంతంత మాత్రమే. అందుకే మాస్టారికి అదే సైజు ఉంచి, కెమెరా వైపు మార్చాం. ఆయనకు కావలసింది తట్టినప్పుడు మాత్రమే లేచి రికార్డు చేసే రకం. అది నిద్రలో ఉన్నప్పుడు తాగేది చాలా తక్కువ. దానికి కారు ఫ్యూజు బాక్సు నుంచి కరెంటు ఇచ్చే హార్డ్‌వైర్ కిట్ వేశాం. ఆ కిట్‌లో కటాఫ్ వోల్టేజీ అని ఉంటుంది, బ్యాటరీ అంతకు దిగితే కెమెరాకు కరెంటు ఆపేస్తుంది, అక్కడే చాలామంది పొరపడతారు. 11.8 దగ్గర పెడితే అప్పటికే బ్యాటరీ దాదాపు ఖాళీ. విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తే నిండు, 12.2 చూపిస్తే సగం. పాత కారుకు 12.2కి తక్కువ పెట్టకండి. అంతకన్నా ఎక్కువ పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది.

కెమెరా లోపల సూపర్ కెపాసిటర్ ఉన్నదే అడగండి. చిన్న లిథియం బ్యాటరీ ఉన్నవి మన మే నెల ఎండలో, అద్దానికి అతుక్కుని, ఉబ్బిపోతాయి. మెమరీ కార్డు కూడా హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నదే కొనాలి. మామూలు కార్డుల వారంటీలో చాలావాటికి డ్యాష్‌క్యామ్ వాడకం వర్తించదు. ఫుల్ హెచ్‌డీలో 64 జీబీ కార్డు తొమ్మిది గంటల దాకా పడుతుంది, ఆపైన పాతది చెరుపుకుంటూ పోతుంది.

బిగింపు చివరి పని. ఇంజను ఆపి తాళంచెవి తీస్తే కరెంటు ఆగిపోయే ఫ్యూజు ఏదో, ఎప్పుడూ కరెంటు ఉండేది ఏదో టెస్టర్‌తో చూసి, ఫ్యూజు ట్యాప్‌తో కలపాలి. వైరు కోసి టేపు చుట్టనివ్వకండి. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి బ్యాటరీ దగ్గర కొలవండి. సుమారు 13.8 నుంచి 14.4 దాకా చూపిస్తే చార్జింగ్ సరిగా ఉంది. 13 దగ్గరే ఆగితే ముందు ఆల్టర్నేటర్, బెల్టు చూపించండి, కొత్త బ్యాటరీ కొనకండి.

సంక్రాంతికి వారం ఊరెళ్తున్నారనుకోండి, పార్కింగ్ మోడ్ ఆపేసి వెళ్లండి. ఇంకా ఎక్కువ రోజులైతే పదో నంబరు స్పానరుతో మైనస్ క్లాంపు విప్పి పక్కకు పెట్టండి. మల్టీమీటర్ ఇక్కడే తెచ్చాను. బయట కార్లున్న వాళ్లు రండి, మీ బ్యాటరీ మీద ఏం రాసి ఉందో చూద్దాం.