“పర్వాలేదండీ” అంటే బాగున్నట్టా, లేనట్టా?

నమస్కారం. ఆసుపత్రిలో ఓపీ చూపించుకుని బయటికొస్తుంటే ఎవరైనా కాగితం పట్టుకుని ఎదురొచ్చి “సేవలు బాగున్నాయా అండీ” అని అడిగారా ఎప్పుడైనా? “బాగున్నాయండీ” అనే ఉంటారు. రెండు గంటలు నిలబడి కాళ్లు లాగుతున్నా అదే మాట, ఎందుకంటే అడిగింది అక్కడి సిస్టరే, వచ్చే నెల బీపీ మాత్రలకు మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్లాలి.

అందుకే రోగుల అభిప్రాయం తెలుసుకోవడానికి సర్వే చేస్తే, అడిగేవాళ్లు ఆ ఓపీ సిబ్బంది కాకూడదు. పేరు, ఫోన్ నంబరు రాసుకోకూడదు. క్యూలో కాదు, మందుల కౌంటరు దాటాక అడగాలి. ఎవర్ని అడగాలో అడిగేవాళ్ల ఇష్టానికి వదిలితే నవ్వుతూ కనిపించినవాళ్లనే ఆపుతారు, నేనైనా అంతే, కాబట్టి బయటికొచ్చే ప్రతి పదో మనిషినీ అని ముందే లెక్క పెట్టుకోవాలి.

ఇక ప్రశ్న. “డాక్టరుగారు, సిబ్బంది మర్యాదగానే మాట్లాడారు కదా?” ఆ “కదా”లోనే జవాబు ఉంది. పైగా డాక్టరు బాగా మాట్లాడి, చీటీ రాసే ఆయన కసురుకుంటే ఏం చెప్పాలి? రెండూ విడివిడిగా అడగాలి. జవాబుల్లో కూడా మెచ్చుకోలు మూడు, ఫిర్యాదు ఒకటి పెడితే తూకం తప్పుతుంది. చాలా బాగుంది, బాగుంది, రెండూ కాదు, బాగాలేదు, అస్సలు బాగాలేదు – ఈ అయిదూ చాలు. మధ్యలో “పర్వాలేదు” మాత్రం పెట్టకండి, మనలో కొందరికి అది మెప్పు, కొందరికి మొహమాటంతో చెప్పే ఫిర్యాదు.

కొన్నిచోట్ల అభిప్రాయం కంటే జరిగింది అడగడమే మంచిది. “మందులిచ్చేచోట సేవ ఎలా ఉంది” అనేకన్నా “ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీకు చెప్పారా” అంటే అవును, కాదు అని తేలిపోతుంది.

జవాబులు వచ్చాక చాలామంది సగటు తీసేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. వెయిటింగ్ గురించి 100 మందిని అడిగామనుకోండి. 40 మంది చాలా బాగుందని 5 మార్కులు, 40 మంది అస్సలు బాగాలేదని 1, మిగతా 20 మంది 3 వేశారు. సగటు సరిగ్గా 3. ఆహా, మధ్యస్తంగా ఉందన్నమాట అనుకుంటాం, కానీ అలా అన్నవాళ్లు 20 మందే! సగటు పక్కన పెట్టి, ఒక్కో జవాబు ఎంతమంది చెప్పారో రాసి, చీటీ తీసుకున్న టైమును బట్టి విడగొట్టండి. పదికి ముందొచ్చిన 50 మందిలో బాధపడింది 6గురు, తర్వాతొచ్చిన 50 మందిలో 34 మంది అని తేలితే, పది తర్వాత ఓపీ గదుల్లో ఎంతమంది డాక్టర్లు ఉంటున్నారో వెళ్లి చూడాలి. తేడా ఇద్దరు ముగ్గురే అయితే మాత్రం కంగారు పడక్కర్లేదు, అంత తేడా ఊరికే కూడా వస్తుంది.

మార్పు చేశాక మళ్లీ అవే ప్రశ్నలు, అదే వరసలో అడగాలి, మాట మారిస్తే పోల్చడం కుదరదు.

ఇంకొకటి. విసిగిపోయి చూపించుకోకుండానే వెళ్లిపోయినవాళ్లు మందుల కౌంటరు దాకా రానే రారు. ఆ రోజు ఎన్ని చీటీలు రాశారు, డాక్టర్లు ఎంతమందిని చూశారు అని రిజిస్టర్లలో చూసి, ఆ తేడా కూడా సర్వే కాగితం మీదే రాసి పెట్టండి.