భాగహారంలో పోయిన జవాబు
(హైదరాబాద్‌లో గణిత ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఆదివారం సెలవు వదులుకుని వచ్చిన లెక్కల మాస్టార్లకు, టీచర్లకు నమస్కారం. పరిచయాలు అయ్యాయి కాబట్టి నేరుగా బోర్డు దగ్గరికి పోదాం.

x² = 5x

ఈ లెక్క ఇస్తే చాలామంది పిల్లలు రెండువైపులా x తో భాగించి, x = 5 అని రాసి ఊరుకుంటారు. అది సగం జవాబే. x చోట 0 వేసి చూడండి. ఎడమవైపు 0, కుడివైపు 0. అదీ జవాబే. x తో భాగించినప్పుడు అది చేజారిపోయింది. x సున్న కూడా కావచ్చని ఆ పిల్లవాడికి తట్టలేదు. వాడి దృష్టిలో సున్న అంటే ఏమీ లేకపోవడం. అదొక సంఖ్య కాదు.

సున్నను మనవాళ్లే కనిపెట్టారని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. కనిపెట్టింది ఏమిటో మాత్రం చెప్పం. నా బాధంతా అదే. 205లో పదుల చోట ఏమీ లేదని మనం సున్న పెడతాం. అలాంటి ఖాళీ చోటు చూపడానికి బాబిలోనియన్లు మట్టి పలకల మీద రెండు వాలు గీతలు నొక్కేవారు. ఆర్టీసీ బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసినట్టు అన్నమాట. చోటు ఆగుతుంది గానీ కర్చీఫ్‌కు ఎవరూ టికెట్టు కొట్టరు.

టికెట్టు కొట్టినవాడు బ్రహ్మగుప్తుడు. 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం 18వ అధ్యాయంలో ధనం, ఋణం, శూన్యం మూడింటికీ కలిపి నియమాలు చెప్పాడు. సమానమైన ధనాన్నీ ఋణాన్నీ కలిపితే శూన్యం. శూన్యంలోంచి ధనాన్ని తీస్తే ఋణం. దేన్ని శూన్యంతో గుణించినా శూన్యమే. మన పిల్లలు ధన సంఖ్య, రుణ సంఖ్య అంటున్నది ఆ మాటలతోనే. ఆ సంగతి వాళ్లకు చెప్పండి.

ఆ నియమాలు ఉంటేనే మిగతావి నిలబడతాయి. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకొస్తుందని తరగతిలో అడుగుతారు కదా? వెనక కూర్చున్నవారు కూడా రాసుకోండి.

5 + (−5) = 0

రెండువైపులా −3 తో గుణిద్దాం. కుడివైపు సున్న సున్నగానే ఉంటుంది. ఎడమవైపు మొదటి ముక్క −15. రెండో ముక్క (−3) × (−5). ఈ రెండూ కలిసి సున్న కావాలంటే రెండోది +15 కాక తప్పదు. ఇందులో సున్న రెండుసార్లు పనిచేసింది: ఒకసారి మొత్తంగా, ఒకసారి గుణకారంలో. దాన్ని సంఖ్యగా ఒప్పుకోకపోతే రెండు అడుగులూ పడవు.

ఇక మళ్లీ మన సమీకరణం. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఇదే లెక్క చేశాడు. వర్గం దాని మూలానికి ఐదు రెట్లైతే మూలం 5 అన్నాడు. సున్నను జవాబుల్లో లెక్కించలేదు. మన పిల్లవాడు రాసింది సరిగ్గా అదే! ఆయన వర్గ సమీకరణాలను ఆరు రకాలుగా విడగొట్టాల్సి వచ్చింది. రుణ సంఖ్యలు గుణకాలుగా రాకూడదు, సమీకరణంలో ఒకవైపు సున్న మిగలకూడదు. అందుకని x² + 10x = 39 ఒక రకం, x² + 21 = 10x ఇంకో రకం, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. సున్నను కుడివైపు కూర్చోబెడితే ఆరూ ఒకటే అవుతాయి.

x² + 10x − 39 = 0
(x − 3)(x + 13) = 0

ఇక్కడ కాస్త ఆగుదాం. ఇదే లెక్కను x(x + 10) = 39 అని రాస్తే ఏమీ తేలదు, ఎందుకంటే 39 రావడానికి లెక్కలేనన్ని జతలున్నాయి. లబ్ధం సున్న అయితే మాత్రం రెండింట్లో ఒకటి సున్న అయి తీరాలి. ఆ గుణం ఇంకే సంఖ్యకూ లేదు. అందుకే x = 3 లేదా x = −13. మొదటి లెక్క కూడా అంతే: x(x − 5) = 0. పోయిన జవాబు దొరికింది.

బ్రహ్మగుప్తుడు ఒకచోట తప్పాడు. అదీ చెప్పాలి. సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడు. తర్వాత 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు, సంఖ్యను సున్నతో భాగిస్తే మారదన్నాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే మన పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు చేశాడు. ఈ రెండు మాటలనూ గుణించి సరిచూడండి. 12ను సున్నతో భాగిస్తే 12 అయితే, 12 × 0 తిరిగి 12 కావాలి. వచ్చేది 0. ఏ సంఖ్య పెట్టినా అంతే, కాబట్టి జవాబే లేదు. 0ను 0తో భాగిస్తే చిక్కు వేరు. జవాబు 0 అంటే సరిపోతుంది, 7 అన్నా సరిపోతుంది, 100 అన్నా సరిపోతుంది. ఏదో ఒకటి ఎంచడానికి ఆధారం లేదు.

"సున్నతో భాగించకూడదు" అని బోర్డు మీద రాసి వదిలేయకండి, దయచేసి. ఈ రెండు చిక్కులనూ విడివిడిగా చేయించండి. రేపు పేపర్లు దిద్దేటప్పుడు x² = 5x కింద ఒక్క 5 మాత్రమే కనిపిస్తే, ఊరికే మార్కు కోసేయకండి. ఆ x తో భాగించిన వరుస కింద గీత గీసి, "ఇక్కడ x సున్న అయితే?" అని రాయండి.