ఫొటోలో అంత మెమరీ ఫోమ్ ఉందే! టేపు పెట్టి కొలిస్తే ఎంత తేలింది?

నమస్తే అండీ. ముందుగా ఒక మాట. ఈ పరుపును కంపెనీ వాళ్లే ఉచితంగా పంపించారు. వీడియోకి డబ్బులైతే తీసుకోలేదు. సైజులు, రంగులు, ట్రయల్ రోజులు మీరు దీన్ని అమ్మే పేజీలో చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నేను మాట్లాడేది ఆ పేజీలో ఉన్న ఒక్క ఫొటో గురించి.

ఇదిగో, స్క్రీన్ మీద పెడుతున్నాను. ఒక పక్క తెల్లటి కర్టెన్లు, పొద్దుటి వెలుతురు, ముడత లేని దుప్పటి. ఇంకో పక్క పరుపును కేక్‌లా కోసినట్టు మూడు పొరలు. పైన నీలం రంగులో మెమరీ ఫోమ్, మధ్యలో మెత్తటి ఫోమ్, అడుగున గట్టి ఫోమ్. మూడూ దాదాపు ఒకే మందంలో కనిపిస్తున్నాయి కదా? ఇక్కడ అంగుళాలు మార్చి చూడండి. ఆరు నొక్కినా, ఎనిమిది నొక్కినా, పది నొక్కినా అదే ఫొటో. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

కవర్ జిప్పు తీసి టేపు పెట్టాను. నాకు వచ్చింది ఎనిమిది అంగుళాలది, అంటే 20 సెంటీమీటర్లు. పైన మెమరీ ఫోమ్ రెండున్నర సెంటీమీటర్లు. మధ్య పొర ఇంకో రెండున్నర. మిగతా 15 సెంటీమీటర్లూ అడుగు ఫోమే! ఫొటోలో మూడో వంతు కనిపించిన నీలం పొర అసలు పరుపులో ఎనిమిదో వంతు.

ఒక్క నిమిషం, మీరు జిప్పు తీసే ముందు లేబుల్ చదవండి. కొన్ని పరుపుల్లో మంటలు అంటుకోకుండా లోపలి కవర్‌లో గాజు పీచు వాడతారు. విప్పితే అది గదంతా రేగుతుంది, శుభ్రం చేయడం నరకం. లేబుల్ మీద గ్లాస్ ఫైబర్ అని ఉన్నా, కవర్ తీయొద్దని ఉన్నా ముట్టుకోకండి. విప్పితే వారంటీ పోతుందేమో కూడా చూసుకోండి.

సరే, పల్చగా ఉంటే నష్టమేంటి అంటారా? నేను పక్కకి తిరిగి పడుకుంటాను. బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. రెండున్నర సెంటీమీటర్ల మెమరీ ఫోమ్ అక్కడ పూర్తిగా అణిగిపోయి, కింది పొర తగులుతుంది. అరచేతితో నొక్కి తీస్తే అచ్చు నెమ్మదిగా పూడుకోవడం మీకు కనిపిస్తోంది కదా, అది మంచి మెమరీ ఫోమే. ఉన్నది తక్కువ, అంతే.

ఇప్పుడు ఫొటోలో అసలు కనిపించని సంగతి, సాంద్రత. గట్టిదనం వేరు, సాంద్రత వేరు. గట్టిగా అనిపించే ఫోమ్ కూడా తేలికగా ఉండొచ్చు. అలాంటిది తొందరగా కుంగుతుంది. పరుపును చుట్టి పట్టుకుని బరువు మిషన్ ఎక్కాను. నా బరువు తీసేస్తే, కవర్ లేకుండా 18 కిలోలు. పొడవు 198, వెడల్పు 152, మందం 20 సెంటీమీటర్లు గుణిస్తే దాదాపు 0.6 ఘనపు మీటరు. 18ని 0.6తో భాగిస్తే ఘనపు మీటరుకు 30 కిలోలు. ఇది మొత్తానికి సగటు. పేజీలో మెమరీ ఫోమ్ 50 అని రాశారు. పై పొర అంత బరువుంటే, సగటు 30కి దిగాలంటే అడుగు ఫోమ్ 30 కన్నా తక్కువే ఉండాలి. దాని సాంద్రత ఎంతో పేజీలో ఎక్కడా లేదు. 20లో 15 సెంటీమీటర్లు అదే, దాని సంగతే రాయలేదు!

నాకు ఇంత కోపం ఎందుకంటే, నా పాత పరుపు ఇలాగే కుంగింది. రెండో ఏడాదికి తుంటి దగ్గర గుంట. పొద్దున లేస్తే నడుము పట్టేసేది, తప్పు నా నడుములోనే ఉందనుకున్నాను. ఒకరోజు దుప్పటి తీసేసి, వంకర లేని కర్రను అడ్డంగా పెట్టి కింద స్కేలు దించితే మూడు సెంటీమీటర్ల సందు. కంపెనీకి ఫొటోలు పంపితే, నాలుగు దాటితేనే వారంటీ అన్నారు. అందుకే వారంటీలో ఎన్ని ఏళ్లు అన్నదానికన్నా ఎన్ని సెంటీమీటర్ల గుంట అన్నదే ముందు చూడండి.

చల్లగా ఉంటుందని పేజీలో గీసిన నీలం బాణాల గురించి ఒక్క మాట. పడుకున్న కొత్తలో చల్లగానే ఉంది. ఒంటి వేడి పట్టాక మామూలే.

నలభై రాత్రులు పడుకున్నాను. వెల్లకిలా పడుకుంటే హాయిగానే ఉంది, అది దాచను. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి మాత్రం వద్దనే చెప్తాను. కొనాలనుకుంటే ముందు ప్రతి పొర మందం, సాంద్రత ఎంతో రాసి పంపమని వాళ్లనే అడగండి. నేను కూడా అడిగాను. జవాబుగా మళ్లీ ఆ ఫొటోనే పంపించారు.